క్రష్‌కి కాఫీ దరఖాస్తు: విషయం, సూచిక, విన్నపం

"నాకు ఒకమ్మాయంటే చాలా ఇష్టం. కాఫీకి రమ్మని అడగడానికి సీరియస్ ఆఫీసు అప్లికేషన్ లాగా ఒక ఫన్నీ లెటర్ ఇద్దామనుకుంటున్నా. నవ్వు రావాలి, కానీ నేను నిజంగానే అడుగుతున్నానని తెలియాలి. ఎవరైనా రాశారా? ఎలా రాయాలి?"

నేను రాశాను, ఇచ్చాను, జవాబు కూడా వచ్చింది. లెటర్ మొత్తం కింద పెడతా, ఎందుకు అలా రాశానో కూడా చెప్తా.

ముందు సందర్భం. వైజాగ్‌లో ఇద్దరం గ్రూప్ 2కి ప్రిపేర్ అవుతున్నాం, ఒకటే రీడింగ్ హాల్, ఎదురెదురు టేబుళ్ళు. పాలిటీ చదివేటప్పుడు సమాచార హక్కు చట్టం సెక్షన్లు ఒకరినొకరం అడుక్కునేవాళ్ళం, తను నంబర్ చెప్తే నేను విషయం చెప్పాలి, నేను నంబర్ చెప్తే తను చెప్పాలి. అందుకే నా దరఖాస్తు ఆర్టీఐ మీద నడిచింది. మీ ఇద్దరికీ బ్యాంకు ఉద్యోగం అయితే లోన్ అప్లికేషన్ లాగా రాయండి, కాలేజీ అయితే సెలవు చీటీ లాగా, ఇద్దరికీ తెలిసిన కాగితం అయితేనే నవ్వు వస్తుంది. ఇదీ నేను ఇచ్చింది, పేరు ఒక్కటే తీసేశా.

గౌరవనీయులైన ........ గారి దివ్యసముఖమునకు,
కిటికీ పక్క టేబుల్, రీడింగ్ హాల్, విశాఖపట్నం.

విషయము:- కాఫీ – ఆదివారం సాయంత్రం – కలిసి త్రాగుట – తమరి అనుమతి కోరుట – గురించి.

సూచిక:- 1) "అరకు కాఫీ మన పక్కనే పండుతుంది, మనమేమో ఇన్‌స్టంట్ పొడి కలుపుకుని తాగుతున్నాం" అని తమరు మెట్ల దగ్గర చేసిన మౌఖిక వ్యాఖ్య.
2) సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్లు 6, 7, 19.

మేడమ్,

పై విషయమును పురస్కరించుకుని తమరికి విన్నవించుకొనునది ఏమనగా, సూచిక 1లో తమరు లేవనెత్తిన ప్రజా ప్రాముఖ్యత గల అంశము క్షుణ్ణముగా పరిశీలించబడినది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా కాఫీ, సిల్వర్ ఓక్ చెట్ల నీడన మిరియాల తీగల పక్కన పండి, ఘాట్ రోడ్డు దిగి మన నగరమునకు వచ్చుచుండగా, మనమిరువురము ఇంతవరకు కలిసి ఒక్క కప్పు కూడా త్రాగకపోవుట విచారకరము. కావున ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు బీచ్ రోడ్డు నందు, ఒక గంటకు మించకుండా, క్షేత్రస్థాయి పరిశీలన జరుపుటకు ప్రతిపాదన సమర్పించడమైనది.

సెక్షన్ 6(2) ప్రకారం దరఖాస్తుదారు కారణం చెప్పనవసరం లేదు. అయినా చెప్తున్నాను.

మీతో మాట్లాడిన రోజు నాకు బాగుంటుంది. మొన్న ఒక పెద్దాయన పాత పేపర్ల కట్టల్లో ఏదో నోటిఫికేషన్ దొరక్క ఇబ్బంది పడుతుంటే మీరు పుస్తకం మూసేసి ఆయన పక్కన కూర్చుని వెతికి పెట్టారు, మధ్యలో ఒక్కసారి కూడా టైం చూసుకోలేదు. అప్పట్నుంచి మీ గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది. పుస్తకాలు లేకుండా ఒక గంట మీతో కూర్చుని మాట్లాడాలని ఉంది. మీరంటే నాకు ఇష్టం, అందుకే అడుగుతున్నాను.

సెక్షన్ 7(1)లోని 30 రోజుల గడువు ఈ దరఖాస్తుకు వర్తించదు, ఇది ఆదివారం వరకే చెల్లును. అప్పటికి జవాబు రానిచో సెక్షన్ 7(2) ప్రకారం తిరస్కరించినట్లే భావించబడును. కారణములు అడగబడవు. సెక్షన్ 19 క్రింద మొదటి అప్పీలు గానీ, రెండవ అప్పీలు గానీ చేయబడవు. తిరస్కరణ అనంతరం కూడా సెక్షన్ల రివిజన్, పెన్ను అప్పు ఇచ్చుట, ఫ్యాన్ కింద సీటు ఆపుట యథాతథముగా కొనసాగును.

కావున తమరు దయతో పై అంశములను పరిశీలించి తగు ఉత్తర్వులు జారీ చేయవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎదుటి టేబుల్.

జతపరచినవి:- కాఫీ చాక్లెట్లు 2 (దరఖాస్తు రుసుము నిమిత్తం. తిరస్కరించినను వాపసు అడగబడవు.)
నకలు:- ఎవరికీ లేదు.

ఇప్పుడు దీంట్లో ఏది పని చేసిందో చెప్తా. మొదట సూచిక. ఆఫీసు లెటర్లలో సూచిక అంటే ఇంతకుముందు జరిగిన ఉత్తరమో ఆర్డరో, దాన్ని పట్టుకునే కొత్త లెటర్ మొదలవుతుంది కదా. ఇక్కడ కూడా అంతే, తను ఎప్పుడో మాటల్లో అన్న ఒక వాక్యం అక్కడ పెడితే, తను చెప్పింది మీరు విన్నారని, గుర్తు పెట్టుకున్నారని ఏ పొగడ్తా లేకుండానే తెలిసిపోతుంది. ఆ వాక్యం తను మామూలుగా నలుగురిలో అన్నదై ఉండాలి. తన స్టేటస్‌లో రెండేళ్ళ కింద పెట్టింది తవ్వి తెచ్చి సూచికలో పెడితే నవ్వు రాదు, భయం వేస్తుంది.

తర్వాత ఆ మధ్య పేరా. గమనించండి, పైనా కిందా అంతా "తమరు", ఆ ఒక్క పేరాలో "మీరు" అయ్యింది, "పరిశీలించబడినది" లాంటివి పోయి మేం రోజూ మాట్లాడుకునే భాష వచ్చింది. ఈ మార్పు కావాలనే పెట్టాలి. మొత్తం ఆఫీసు భాషలోనే రాస్తే తను నవ్వేసి మడిచి బ్యాగులో పెట్టుకుంటుంది, అడిగింది నిజమా సరదానా అని తనకే అర్థం కాదు, రేపు మీకు కూడా "ఊరికే జోక్ చేశాలే" అనే దారి ఉంటుంది, ఆ దారి ఉన్నంతసేపు తను నమ్మదు. "మీరంటే నాకు ఇష్టం" అనే వాక్యం తీసేయమని నా ఫ్రెండ్ గట్టిగా చెప్పాడు, మరీ ఓపెన్‌గా ఉంది అన్నాడు, నేను ఉంచాను. కాఫీకి వచ్చి కూర్చున్నాక ఇది ఫ్రెండ్‌షిప్పా ఇంకోటా అని తను ఊహించుకోవాల్సిన పరిస్థితి పెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆ పేరాలో అందం గురించి ఒక్క మాట కూడా లేదు చూడండి, కళ్ళు, నవ్వు, జడ ఇవేవీ వద్దు. తను చేసిన ఒక పని, మీరు కళ్ళారా చూసింది, అది రాయండి చాలు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి రాసింది తిరస్కరణ పేరా. ఆర్టీఐలో గడువులోగా జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క, అప్పుడు దరఖాస్తుదారు అప్పీలుకి వెళ్ళొచ్చు. నేను మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాను. అంటే తనకి ఇష్టం లేకపోతే ఎదురుగా నిలబడి "సారీ అండీ" అని చెప్పే ఇబ్బంది కూడా లేదు, ఊరుకుంటే చాలు, ఆదివారం దాటాక విషయం ముగిసిపోతుంది. గడువు తేదీ అందుకే పెట్టాలి, లేకపోతే తను ఊరుకున్నన్నాళ్ళూ మీరు ఎదురు చూస్తూనే ఉంటారు, ఆ చూపు తనకి తెలుస్తూనే ఉంటుంది.

మా పాత రూమ్మేట్ ఒకడు ఇలాంటిదే వాళ్ళ కోచింగ్‌లో ఒకమ్మాయికి ఇచ్చాడు. విషయం, సూచిక అన్నీ బాగా రాశాడు, చివర్లో మాత్రం "తిరస్కరించిన యెడల గేటు ముందు నిరాహార దీక్ష చేపట్టబడును" అని పెట్టాడు, వాడికది జోకే. కానీ ఆ అమ్మాయి రోజూ ఆ గేటులోంచే రావాలి కదా, వాడు ఏం చేస్తాడో తనకేం తెలుసు? వారం తిరక్కముందే బ్యాచ్ టైమింగ్ మార్చుకుంది. బెదిరింపు ఎంత సరదాగా రాసినా చదివేవాళ్ళకి బెదిరింపే, కాబట్టి దీక్షలు, ధర్నాలు, "ఇట్లు మీ కాబోయే" లాంటి సంతకాలు ఏవీ వద్దు.

"నకలు:- ఎవరికీ లేదు" అనేది నవ్వు కోసం పెట్టినట్టు ఉంటుంది కానీ అది మాట ఇవ్వడం. నిజంగానే హాల్లో ఎవరికీ చూపించలేదు, సలహా అడిగిన ఫ్రెండ్ కూడా వేరే ఊర్లో ఉంటాడు, తనెవరో వాడికి తెలియదు. తర్వాత తనే చెప్పింది, ఆ లైన్ చదివాకే ఊపిరి పీల్చుకున్నా అని, ఎందుకంటే అప్పటిదాకా వెనక టేబుల్ బ్యాచ్ అంతా చూస్తున్నారేమో అనుకుందట.

ఇచ్చే పద్ధతి కూడా చెప్తా. వాట్సాప్‌లో పంపకండి, బ్లూ టిక్ పడిన దగ్గర్నుంచి మీకు టెన్షన్, జవాబు ఇవ్వాలని తనకి టెన్షన్. తెల్ల కాగితం మీద చేత్తో రాయండి, ఎడమ వైపు మార్జిన్ వదిలి, ఒక పేజీ దాటకుండా. నేను సాయంత్రం తను బ్యాగు సర్దుకుంటున్నప్పుడు "ఇంటికెళ్ళాక చదవండి, తొందరేం లేదు" అని ఇచ్చి నా టేబుల్ దగ్గరికి వచ్చేశాను. చదువుతుంటే పక్కన నిలబడి మొహం చూడటం మాత్రం అస్సలు వద్దు.

మర్నాడు అదే కాగితం నా పుస్తకం మీద ఉంది. మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో, అర్జీ మీద ఆఫీసర్లు రాసినట్టు అడ్డంగా ఎండార్స్‌మెంట్: "పరిశీలించడమైనది. షరతులతో మంజూరు. 1) ఆదివారం బీచ్ రోడ్డు జనం, సిరిపురం వైపు చూడగలరు. 2) 5 కాదు 4 గంటలు. 3) బిల్లు చెరి సగం. 4) కాఫీ సమయంలో సెక్షన్లు అడగరాదు. రుసుము ముట్టినది." కింద సంతకం, తేదీ. ఆ కాగితం ఇప్పుడు తన దగ్గరే ఉంది, ఒరిజినల్ ఆఫీసులోనే ఉండాలంట. మేం ఇప్పుడు కలిసే ఉన్నాం, ఇంట్లో వాళ్ళకి ఈ మధ్యే చెప్పాం.

మీరు రాసేటప్పుడు కాగితం మీద ముందు సూచిక దగ్గర పెన్ను పెట్టి చూడండి. తను మీతో అన్న మాట ఒక్కటి కూడా రాయడానికి దొరకట్లేదంటే ఇంకా మీ ఇద్దరి మధ్య అంత పరిచయం లేదని, ఇంకొన్నాళ్ళు మామూలుగా మాట్లాడండి, లెటర్ తర్వాత. ఇంకోటి, తను మీ కింద పని చేసే మనిషి అయితే, లేదా తన మార్కులో జీతమో మీ చేతిలో ఉంటే, ఈ ఫార్మాట్ వాడకండి, ఎందుకంటే అక్కడ "అప్పీలు చేయబడదు" అని మీరు ఎంత రాసినా తను వద్దని చెప్పడం తేలిక కాదు.