ఒక లాట్ షేర్లున్నాయి: కాల్ అమ్మాలా, పుట్ కొనాలా?

ప్రశ్న: నా దగ్గర ఒకే కంపెనీ షేర్లు సరిగ్గా ఒక లాట్ ఉన్నాయి. కాల్ అమ్మితే నెలనెలా అద్దె వచ్చినట్టే అని ఒకరంటారు, పుట్ కొనుక్కుని నిశ్చింతగా ఉండు అని ఇంకొకరు. ప్రీమియం లెక్క వేశాక నిజంగా చేతిలో ఎంత మిగులుతుంది?

జవాబు: మాది విజయనగరం. నేను ఈ రెండూ చేశాను, రెండింట్లోనూ డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి లెక్కతోనే చెబుతా. కంపెనీ పేరు అక్కర్లేదు. లాట్ 1000 షేర్లు, ఈరోజు ధర 600, అంటే 6 లక్షల సరుకు అనుకోండి. నెలాఖరున గడువు తీరే రోజుకి, అంటే ఎక్స్‌పైరీకి 630 కాల్ ప్రీమియం షేరుకి 12 రూపాయలు, 570 పుట్ ప్రీమియం 10 రూపాయలు పలుకుతున్నాయనుకుందాం.

ముందు కాల్ సంగతి. కంటోన్మెంట్ వైపు మీకో స్థలం ఉంది, ఒకాయన వచ్చి "నెలలోపు నాకు కావాలంటే ఫలానా రేటుకి మీరు ఇవ్వాల్సిందే, వద్దనుకుంటే ఈ బయానా మీదే" అని డబ్బు చేతిలో పెట్టాడు. కాల్ అమ్మడమంటే అదే. 12 వేలు మీకు వచ్చేశాయి, ఏం జరిగినా వెనక్కి ఇవ్వక్కర్లేదు, కానీ రేటు 630 దాటితే ఆ పై లాభమంతా ఆయనది. షేరు 630కి పోయినా 700కి పోయినా మీకు దక్కేది 30 ప్లస్ 12, అంటే 42 వేలే. అదే మీ పైకప్పు. కిందికి పడితే? ఆ 12 రూపాయల మేరకే దెబ్బ తగలదు, 588 దాకా నష్టం లేదు, ఆ కింద ప్రతి రూపాయి నష్టమూ మీదే. 500కి పడితే 88 వేలు పోతాయి. "అద్దె" అనేవాళ్లు ఈ మాట చెప్పరు.

పుట్ దీనికి తిరగేసిన వ్యవహారం. 10 వేలు కట్టి, ధర ఎంత పడినా 570కి అమ్మే హక్కు కొనుక్కున్నారు. అయితే నేల 570 కాదు, కట్టిన పది తీసేసి 560. అంటే ఎంత పడినా గరిష్ఠంగా 40 వేల నష్టం, అక్కడితో ఆగిపోతుంది. పైకి వెళ్తే కప్పు లేదు గానీ పది రూపాయలు ఎక్కువ ఎక్కాలి, 610 దాటాకే లాభం మొదలు. 700కి పోతే 90 వేలు.

ఎక్స్‌పైరీ రోజున ధర S అనుకుంటే ఒక్కో షేరుకి లాభనష్టం ఇదీ:

```
కాల్ అమ్మితే :  min(S, 630) - 600 + 12
పుట్ కొంటే   :  max(S, 570) - 600 - 10
```

min ఉన్నచోట కప్పు, max ఉన్నచోట నేల. S దగ్గర 500, 600, 700 వేసి చూడండి. కాల్ అమ్మినవాడికి -88, +12, +42 వస్తాయి. పుట్ కొన్నవాడికి -40, -10, +90. ధర ఎక్కడిదక్కడే ఉండిపోతే ఒకరికి 12 వేలు జేబులోకి, ఇంకొకరికి 10 వేలు జేబులోంచి. అంతా దీని మీదే ఉంది.

ఇప్పుడు నేను దెబ్బ తిన్న చోటు. పై లెక్కలో 600 ఈరోజు ధర. నేను కొన్నది మాత్రం 700కి. నష్టంలో ఉన్నాను కదా, కాల్ అమ్మి ఎంతో కొంత రాబడదామని 630 రేటుకి, అంటే 630 స్ట్రైక్ కాల్ అమ్మేశాను. 12 వేలు ఖాతాలో పడగానే సంబరపడ్డాను గానీ, ఆ నిమిషంలోనే నా అమ్మకపు ధర 642 దగ్గర ఆగిపోయిందనీ, షేరు ఎంత లేచినా 58 వేల నష్టం ఖాయం చేసుకున్నాననీ తోచలేదు. ఆ నెల ఫలితాలు బాగా వచ్చి ఎక్స్‌పైరీకి 710 అయింది. ఏమీ చేయకుండా కూర్చుంటే పది వేలు లాభంలో ఉండేవాడిని. మా బావమరిది ఇప్పటికీ "ఏటి బావా, అద్దెకిచ్చి ఇల్లు పోగొట్టుకున్నావా" అంటాడు. కాబట్టి మీరు కొన్న ధర కంటే స్ట్రైకూ ప్రీమియమూ కలిపితే తక్కువవుతున్నప్పుడు కాల్ అమ్మకండి, లేదా ఆ నష్టానికి మనసొప్పి అమ్మండి.

పుట్‌లో పోగొట్టుకున్నది వేరే రకం, మెల్లగా. నెలకి 10 వేలు అంటే చిన్నగానే కనబడింది. వరసగా కొంటూపోతే ఏడాదికి లక్షా ఇరవై వేలు, ఆరు లక్షల మీద 20 శాతం! షేరు ఏడాదికి 20 శాతం పెరిగితేనే నేను ఉన్నచోట ఉంటాను. ఐదు నెలలు కొన్నాక ఆపేశాను. దీన్ని ఏదో ఒక గండం దాటడానికి వాడుకోవాలి, నెలనెలా కట్టే చందాలా కాదు. ఫలితాల ముందు కొందామంటే ఇంకో చిక్కు. అందరూ అప్పుడే కొంటారు కాబట్టి ప్రీమియం ఉబ్బి ఉంటుంది, ఫలితాలు వచ్చేశాక ఆ ఉబ్బు దిగిపోతుంది. షేరు కాస్త పడినా పుట్ విలువ పెరగకపోగా తగ్గడం నేను కళ్లారా చూశాను. ఎక్స్‌పైరీ దాకా ఉంచితే మాత్రం పై లెక్కే వర్తిస్తుంది.

మధ్యలో స్క్రీన్ చూసి టెన్షన్ పడకండి. పది రోజులకి షేరు 640 అయి, మీరు 12కి అమ్మిన కాల్ 28 పలికితే 16 వేలు నష్టమని ఎర్రగా చూపిస్తుంది. మీ షేర్లు 40 వేలు పెరిగిన సంగతి పక్క పేజీలో ఉంటుంది, ఈ రెండింటినీ కలిపి మీరే చూసుకోవాలి. అయితే బ్రోకర్ హామీగా అడిగే మార్జిన్ మాత్రం నిజమైన సమస్య. డీమ్యాట్‌లో షేర్లున్నాయి కదా అని బ్రోకర్ మార్జిన్ మాఫీ చేయడు. వాటిని ప్లెడ్జ్ చేస్తే, అంటే తాకట్టు పెడితే, విలువలో కొంత కోసి మిగతాది లెక్కలోకి తీసుకుంటాడు, కొంత నగదు కూడా ఉంచాలి. షేరు లేచేకొద్దీ ఇంకా అడుగుతాడు. అప్పుడు డబ్బు సర్దలేక పొజిషన్ మూసేస్తే పైన రాసిన సూత్రం మీకు పనికిరాదు.

ఎక్స్‌పైరీ విషయం కూడా చెప్పాలి. మన దగ్గర షేర్ల ఆప్షన్లు, అంటే ఈ కాల్సూ పుట్సూ, నగదుతో తేలవు, షేర్లే చేతులు మారతాయి. 630 పైన ముగిస్తే మీ షేర్లు ఇచ్చేయాలి, 570 కింద ముగిస్తే పుట్ కొన్న మీరు కూడా షేర్లు ఇచ్చేసి 570 తీసుకోవాలి. షేర్లు వదులుకోవడం ఇష్టం లేకపోతే ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా ఆగకుండా కాల్‌ని తిరిగి కొనేయండి, పుట్ అయితే అమ్మేయండి. 540 దగ్గర పుట్‌కి సుమారు ముప్పై వస్తుంది, షేర్లూ మీ దగ్గరే ఉంటాయి. ప్లెడ్జ్‌లో పెట్టినవి ఇవ్వాల్సి వస్తే ఏం చేయాలో మీ బ్రోకర్‌ని ముందే అడగండి. సమయానికి షేర్లు అందకపోతే వేలంలో కొని ఇస్తారు, ఆ ఖర్చు మీదే.

నేను ఇప్పుడు చేసేది, అదీ ఏడాదికి రెండుసార్లు, రెండూ కలిపి: 630 కాల్ అమ్మి ఆ పన్నెండులోంచి పదితో 570 పుట్ కొనడం. నికరంగా రెండు రూపాయలు మిగిలి, నేల 572, కప్పు 632. బ్రోకరేజీ, పన్నులు పోతే ఆ రెండు రూపాయలు కూడా కాస్త కరుగుతాయి.