వేలంలో బండి చౌకే, ఆర్సీ సంగతి చూశారా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. చీనీ కాయలను అనంతపురం మార్కెట్‌కు చేర్చడానికి పికప్ బండి కావాలి. చేతిలో 4 లక్షలున్నాయి. వాయిదాలు కట్టలేదని బ్యాంకు స్వాధీనం చేసుకున్న బండి వేలానికి వచ్చింది. కనీస ధర 2.80 లక్షలు. పాడవచ్చా?

జవాబు: ధరావతు కట్టకముందే బ్యాంకును ఒక్క మాట అడగండి: ఆర్సీ ఇప్పుడు ఎవరి పేరున ఉంది?

పాత యజమాని పేరునే ఉంటే, అతను పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకం పెట్టాలి. బండి పోయిన కోపంలో ఉన్న మనిషి అంత సులువుగా రాడు. అప్పు ఇచ్చేటప్పుడు ఖాళీ ఫారాల మీద తీసుకున్న సంతకాలు ఉన్నాయని చెబితే నమ్ముకోకండి. అతను సహకరించనప్పుడు చట్టంలో వేరే దారి ఉంది. బ్యాంకు ఫారం 36తో రవాణా కార్యాలయానికి దరఖాస్తు చేస్తుంది. అధికారి పాత యజమానికి నోటీసు ఇచ్చి, అతని వాదన విని, పాత ఆర్సీ రద్దు చేసి బ్యాంకు పేరున కొత్తది ఇస్తారు. మీ పేరుకు మార్పు ఆ తర్వాతే. ఇది ముందే పూర్తయిన బండి అయితే వందలు కాదు, వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. నా దగ్గరకు వచ్చిన కడప వ్యాపారి ఒకరు ఈ సంగతి అడగకుండా పాడుకున్నారు. ఆర్సీ చేతికొచ్చేసరికి ఐదు నెలలు పట్టి, సీజనే దాటిపోయింది. ఆర్సీలో ఉన్న బ్యాంకు అప్పు నమోదును, అంటే హైపోతికేషన్‌ను, తొలగించే ఫారం 35 ఎప్పుడు ఇస్తారో కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

తర్వాత యార్డుకు మెకానిక్‌ను వెంటబెట్టుకొని వెళ్లండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అచ్చును ఆర్సీతో పోల్చండి. చల్లగా ఉన్న ఇంజన్‌నే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే పొగ, శబ్దం దాగిపోతాయి. నడిపి చూడటానికి సాధారణంగా ఒప్పుకోరు. చలానాలు, పన్ను బకాయి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అనే ఎఫ్‌సీ గడువు పరివాహన్ వెబ్‌సైటులో చూడండి. బకాయిలు ఎవరు కట్టాలో, జీఎస్టీ విడిగా ఉంటుందో లేదో వేలం షరతుల్లో వెతకండి.

ఇక లెక్క. టైర్లు, బ్యాటరీకి 35 వేలు, బీమా, ఎఫ్‌సీ, పేరు మార్పుకు 40 వేలు, కనిపించని మరమ్మతుకు 30 వేలు అనుకుందాం. 4 లక్షల్లో ఇవి పోతే 2.95 లక్షలు మిగులుతాయి. అదే మీ ఆఖరి పాట, బకాయిలూ జీఎస్టీ తేలితే అంత మేరకు ఇంకా తగ్గించండి. పోటీలో అవతలివాడు 3.10 అన్నాడని మీరూ అనకండి. గెలిచి గడువులోగా డబ్బు కట్టకపోతే ధరావతు పోతుంది.

ఇంత చూసినా రెండు చిక్కులు మిగులుతాయి. బ్యాంకు ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతుంది కాబట్టి తర్వాత గేర్‌బాక్స్ పోయినా అడగలేరు. బండిని అన్యాయంగా తీసుకెళ్లారని పాత యజమాని కోర్టుకు వెళితే, పేరు మార్పు ఆగవచ్చు. అతనికి ఇచ్చిన నోటీసుల నకళ్లు అడగండి. బ్యాంకు చూపించనంటే ఈ బండి వదిలేయండి. పాడుకున్నా, మీ పేరున బీమా లేకుండా చీనీ లోడు ఎక్కించవద్దు.