పాత డాబా మీద సోలార్: కిందికి నొక్కే బరువా, పైకి లాగే గాలా?

ప్రశ్న: గాజువాకలో 1998లో కట్టిన రెండంతస్తుల డాబా మాది. 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకుంటున్నాం. కింద బట్టలు ఆరేసుకునేలా ఎనిమిదడుగుల స్టాండ్ కావాలి. స్లాబ్ ఆ బరువు ఆపుతుందా?

జవాబు: స్లాబ్ బాగుంటే బరువు గురించి టెన్షన్ వద్దండి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఒక్కోటి దాదాపు 28 కిలోలు. ఇనుప స్టాండ్‌తో కలిపి 350 కిలోలు అనుకుందాం. ప్యానెళ్లు పరుచుకునే పదిహేనున్నర చదరపు మీటర్లకు పంచితే చదరపు మీటరుకు 23 కిలోలే. మనుషులు తిరిగే డాబాకు కోడ్ ప్రకారం తీసుకునే బరువు 150 కిలోలు. స్టాండ్ కాళ్లు మాత్రం స్లాబ్ మధ్యలో కాకుండా బీముల మీద దిగాలి.

అసలు సంగతి గాలి. కట్టడాల మీద గాలి బరువు లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి 0.6 × V², V అంటే ఆ వేగం. అది చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువంత. వాలును, ఎత్తును, పరిసరాలను బట్టి ఇది మారుతుంది కానీ, మోటుగా ఇదే పట్టుకుంటే మీ ప్యానెళ్లను గాలి 2,300 కిలోల బలంతో పైకి లాగుతుంది. సొంత బరువు పోగా దాదాపు 1,950. ఆరు కాళ్లకు పంచితే సగటున ఒక్కోదానికి 325 కిలోలు, గాలికి ఎదురుగా ఉన్న కాళ్లకు ఇంకా ఎక్కువ. అడుగున్నర చదరంలో అడుగు ఎత్తు కాంక్రీట్ దిమ్మ బరువు సుమారు 150 కిలోలే. అలాంటివి ఆరు పెట్టినా సగం కూడా ఆపవు. దిమ్మలు చాలంటే నమ్మకండి, బోల్టు కావాల్సిందే.

బోల్టు దేన్ని పట్టుకుందన్నది చూడాలి. ఆ కాలపు డాబాల్లో చాలావాటికి స్లాబ్ మీద రెండు మూడంగుళాల సుర్కీ, అంటే సున్నం, ఇటుకపొడి కలిపిన పొర ఉంటుంది. నేను చెక్ చేసిన ఒక ఇంట్లో నాలుగంగుళాల బోల్టును పైనుంచే దింపేశారు. మూడంగుళాలు సుర్కీలోనే పోయింది. స్పానర్ తిప్పితే బిగుసుకోవడానికి బదులు బోల్టే పైకి లేచింది. చూడ్డానికి మాత్రం బేస్ ప్లేటు నీటుగా ఉంది!

డ్రిల్ చేసేటప్పుడు దగ్గర నిలబడి పొడి రంగు చూడండి. ఎర్రగా వస్తున్నంత సేపూ సుర్కీయే, బూడిదరంగులోకి మారాకే కాంక్రీట్. కాళ్లు వచ్చే చోట సుర్కీ తీసేయించి, బీము పైనుంచి కాంక్రీట్‌లోకి కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో జిగురు మందు నింపి అతికించే బోల్టు దింపాలి. రంధ్రంలో దుమ్ము బ్రష్‌తో, గాలిపంపుతో పోగొట్టకపోతే ఆ మందు పట్టదు. తర్వాత ఒకట్రెండు బోల్టులను బలంగా లాగి చూసే పుల్ టెస్ట్ చేయించి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయించండి.

సముద్రం దగ్గర కాబట్టి పైఅంతస్తు సీలింగ్‌ను ముందే సుత్తితో తట్టి చూడండి. డొల్లగా మోగినా, చువ్వల వెంబడి గోధుమరంగు పగుళ్లు కనిపించినా మొదట రిపేరు, తర్వాతే సోలార్. ప్యానెళ్లను పిట్టగోడకు కనీసం మీటరు లోపలికి జరిపించండి, అంచుల్లో గాలి లాగుడు ఎక్కువ. కొటేషన్‌తోపాటు 50 మీటర్ల వేగానికి ఒక్కో కాలు మీద పడే లాగుడు లెక్క కూడా స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో అడగండి. బట్టల సంగతి వేరేచోట సర్దుకోగలిగితే పొట్టి స్టాండే పెట్టించండి, పక్కగాలికి కాళ్లు ఊగే బాధ తగ్గుతుంది.