‘హలో’ అని ఒక్క మాట పెట్టి ఎదురుచూస్తే జవాబు ఎందుకు రాదు?

అనంతపురం జిల్లా నుంచి ఈ మధ్యే డల్లాస్‌కు ఉద్యోగానికి వచ్చిన ఒక తమ్ముడు అడిగిన సందేహం ఇది. "అన్నా, ఆఫీసులో ఎవరికైనా ‘హలో’ అని మెసేజ్ పెడితే చూసినట్టు గుర్తు పడుతుంది గానీ జవాబు రాదు. మన ఊర్లో అయితే వెంటనే ‘చెప్పప్పా’ అంటారు. నేనంటే వీళ్లకు గిట్టదా?" గిట్టకపోవడం కాదు. ఆ ఒక్క మాటతో ఆ తమ్ముడు ఏమి అడిగాడో అవతలివారికి అర్థం కాలేదు. నిజానికి అతను అందులో చాలానే అడిగాడు.

మన సీమలో ఒకరింటికి పని మీద పోయినవారు వాకిట్లో నిలబడి "ఏమప్పా, ఇంట్లో ఉండావా?" అని పిలుస్తారే తప్ప, బయటి నుంచే "రేపు నీ ట్రాక్టరు కావాల" అని కేక వేయరు. లోపలి నుంచి "ఆఁ, రాప్పా, కూర్చో" అన్న పలుకు వచ్చాక, మంచినీళ్లు తాగి, వాన పడిందా, శనక్కాయ ఎట్లుంది అని నాలుగు మాటలయ్యాక అప్పుడు పనిమాట ఎత్తుతారు. ఆ మొదటి పిలుపులోనే మనిషి ఉన్నాడా, తీరికగా ఉన్నాడా, మనతో మాట్లాడే మనసుతో ఉన్నాడా అన్న మూడు సంగతులు తెలిసిపోతాయి. పనిమాట ఎత్తకముందే ఎదుటివారికి తప్పించుకునే వీలు కూడా ఇచ్చినట్టవుతుంది కనుక దీన్ని మర్యాద అనే అనాలి. చాట్‌లో ఒంటరిగా ‘హలో’ అని పెట్టేవారు ఎక్కువమంది ఈ మర్యాదనే పాటిస్తున్నారని నా గట్టి నమ్మకం. వారిని పద్ధతి తెలియనివారని అనడం అన్యాయం.

ఈ అలవాటు మన ఒక్కరిదే కూడా కాదు. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త టెలిఫోన్ సంభాషణలు ఎలా మొదలవుతాయో పరిశీలించి 1968లో ఒక వ్యాసం ప్రచురించారు. ఫోను మోగడం ఒక పిలుపు, ఎత్తినవారు పలకడం దానికి బదులు, ఈ రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకున్నట్టని ఆయన చూపించారు. అంతకన్నా ముఖ్యంగా, పిలిచి పలికించుకున్నవారు అంతటితో ఊరుకోకూడదని, ఎందుకు పిలిచారో చెప్పవలసిన బాధ్యత వారిదేనని, పలికినవారికి అది వినవలసిన బాధ్యత ఏర్పడుతుందని కూడా చెప్పారు. ఎదురెదురుగా ఉన్నప్పుడో ఫోనులోనో ఈ బాధ్యత ఎవరికీ బరువనిపించదు, ఎందుకంటే ఇద్దరూ అదే క్షణంలో అక్కడే ఉంటారు, పిలుపుకూ పలుకుకూ పనిమాటకూ మధ్య రెండు మూడు క్షణాలకు మించి పట్టదు.

చాట్‌లో ఈ లెక్క తప్పుతుంది. వాకిట్లో పిలిచినవారు పలికేదాకా అక్కడే నిలబడి ఉంటారు. చాట్‌లో పిలిచినవారు ‘హలో’ అని పెట్టేసి ఇంకో పనిలో పడిపోతారు. అవతలివారు ఇరవై నిమిషాల తరువాత చూసి "చెప్పండి" అన్నారంటే, ఆ క్షణం నుంచి కాచుకుని కూర్చోవలసింది వారే. అడగబోయేది ఒక్క నిమిషపు పనో, పూటంతా పట్టే పనో వారికి తెలియదు. ఫోను తెర మీద కనబడేది ‘హలో’ ఒక్కటే కనుక, చేతిలో ఉన్న పనిని ఆపాలో వద్దో తేల్చుకోవడానికి ఏ ఆధారమూ లేదు. పలికితే చిక్కుకుంటామని అనిపించినవారు, పనిమాట వచ్చాక చూద్దాంలే అని పక్కన పెడతారు. ఇటు పెట్టినవారేమో పలుకు వస్తే పనిమాట చెబుదామని ఆగి ఉంటారు. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, పని మాత్రం కదలదు.

దూరం పెరిగేకొద్దీ ఈ నష్టం ఎంత పెరుగుతుందో, నాకు తెలిసిన ఒక కుర్రవాడి విషయం చెబుతాను. అతని జనన ధ్రువపత్రంలో పేరు లేదు, మగశిశువు అని మాత్రమే ఉంది. మన వైపు పాత పత్రాల్లో ఇది చాలామందికి ఉన్న చిక్కే. పేరు చేర్పించడానికి ఏమి చేయాలో కర్నూలులో ఉన్న మేనమామను కనుక్కోమందామని, ఒక వేసవి సోమవారం రాత్రి 9 గంటలకు డల్లాస్ నుంచి "హలో మామా" అని పెట్టాడు. వేసవిలో డల్లాస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా కనుక అప్పటికి కర్నూలులో మంగళవారం ఉదయం 7.30. మామ అంగడి తెరిచే హడావిడిలో ఉండి, 9.30కు చూసుకుని "చెప్పు నాయనా" అన్నాడు. అప్పటికి ఇక్కడ రాత్రి 11 దాటుతోంది, కుర్రవాడు నిద్రపోయాడు. పొద్దున 6.30కు లేచి చూసి సంగతంతా రాశాడు. అక్కడ అప్పుడు సాయంత్రం 5 గంటలు, ఆఫీసులు మూసే వేళ. మామ రాసిన జవాబు ఇది: "తొలుతనే చెప్పింటే ఈ పొద్దే పోయొచ్చుంటి కదప్పా." ఒక్క పలుకు కోసం ఆగినందుకు ఒక పనిదినం పోయింది. దీనికి తోడు "బాగుండావా మామా" అని ఇంకొక మెసేజ్ విడిగా పెట్టి దానికీ జవాబు కోసం ఆగి ఉంటే ఇంకొక రోజు పోయేది. సగం భూమి దూరంలో ఉన్నవారి మధ్య ప్రతి ఖాళీ పలుకుకూ రమారమి ఒక రోజు ఖర్చవుతుంది.

అలాగని కుశల ప్రశ్నలు మానేసి నేరుగా పని చెప్పమని నేను అనను. మేనమామతో అలా మాట్లాడితే నొచ్చుకుంటాడు, నొచ్చుకోవాలి కూడా. చేయవలసిందల్లా పిలుపునూ, కుశలాన్నీ, పనిమాటనూ ఒకే మెసేజ్‌లో కూర్చడం. ఆ కుర్రవాడు మొదటనే ఇలా రాసి ఉండవచ్చు:

"మామా, నమస్తే. అత్తా పిల్లోళ్లూ బాగుండారా? నా జనన ధ్రువపత్రంలో పేరు లేదు, మగశిశువు అని మాత్రం ఉంది. పేరు చేర్చడానికి ఏమేమి కాగితాలు కావాలో కార్పొరేషన్ ఆఫీసులో ఒకసారి కనుక్కుంటావా? పాత పత్రమూ, పదో తరగతి మార్కుల జాబితా, పాస్‌పోర్టు నకలూ కింద పెడుతుండా. అంత తొందరేమీ లేదు, ఈ నెలాఖరులోపల తెలిస్తే చాలు. నువ్వు చూసేసరికి నేను నిద్రపోయుంటా, వీలైనప్పుడు రాయి."

ఇందులో చివరి రెండు వాక్యాలను ఎవరూ పట్టించుకోరు గానీ, నా దృష్టిలో ముఖ్యమైనవి అవే. ఎప్పటిలోగా కావాలో తెలిస్తే ఎదుటివారు తమ పనుల మధ్య దానికి చోటు చూసుకుంటారు. వెంటనే పలకనక్కరలేదని మనమే చెబితే, వాకిట్లో పిలిచినప్పుడు ఇచ్చే వెసులుబాటును ఇక్కడా ఇచ్చినవాళ్లమవుతాము.

ఆఫీసులో కూడా ఇదే పద్ధతి. అయితే అక్కడ మనవాళ్లు ఆగిపోవడానికి ఇంకో రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు ఒక్కసారిగా రాయడానికి జంకు. ‘హలో’ పెట్టి, అవతలివారు పలికాక ఒక్కొక్క వాక్యమే నెమ్మదిగా రాయవచ్చన్న ధైర్యం. అటువంటివారు మెసేజ్‌ను ముందు వేరేచోట రాసుకుని, సరిచూసుకుని, తరువాత అతికించాలి. రెండోది మీట సంగతి. ఉత్తరం రాసే అలవాటు కొద్దీ ‘హలో’ రాసి కింది వరుసకు పోదామని Enter నొక్కుతాము. కంప్యూటరులో చాలా చాట్‌లలో ఆ మీట నొక్కితే మెసేజ్ వెళ్లిపోతుంది. కింది వరుసకు పోవాలంటే Shift+Enter నొక్కాలి. ఒంటరి హలోలలో కొన్ని ఇలా పుట్టినవే.

"మీరు బిజీగా ఉన్నారా?", "ఒక మాట అడగవచ్చా?" అన్నవి కూడా ‘హలో’కు తోబుట్టువులే. పని ఎంతదో తెలియకుండా తీరిక ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. కొందరు సహోద్యోగులు తమ స్టేటస్‌లో nohello.net అన్న చిరునామా పెట్టుకుని ఉంటారు. ఒట్టి పలకరింపు పెట్టి ఆగవద్దని, అడగదలచింది కూడా అందులోనే రాయమని దాని సారాంశం. దాన్ని చూసి మనసు కష్టపెట్టుకోకండి. అయితే కొత్తగా వచ్చినవారికి ఆ చిరునామాను విసిరినట్టు పంపడం మాత్రం నాకు నచ్చదు. "నమస్తే, ఏమి కావాలో రాసి ఉంచండి, మధ్యాహ్నం చూసి జవాబిస్తాను" అని ఒక్క వాక్యం రాస్తే ఇద్దరికీ కాచుకునే పని తప్పుతుంది.

ముందుగా అడిగి ఆగవలసిన సందర్భాలూ ఉన్నాయి. జీతం, వీసా, ఇంట్లో జబ్బు వంటివి ఎదుటివారి తెర మీద నలుగురి కంటపడకూడదు. అప్పుడు కూడా "వీసా గురించి ఒక పది నిమిషాలు మాట్లాడాలి, ఈ రోజు ఎప్పుడు వీలవుతుంది?" అని అడిగితే గుట్టు బయటపడదు, ఎంత సమయం కావాలో తెలుస్తుంది.

ముఖపరిచయం లేనివారికి, అంటే అద్దె ఇంటి యజమానికో పాత కారు అమ్మేవారికో, కొత్త నంబరు నుంచి ఒట్టి ‘హలో’ అసలే పెట్టకండి. మోసగాళ్లు తెలియని నంబర్లకు ఇలాగే ఒక్క మాట పంపి, పలికినవారితో మెల్లగా స్నేహం కలిపి డబ్బు గుంజడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతి. అందుకే చాలామంది అటువంటి మెసేజ్‌ను చూడగానే తీసేస్తారు. మొదటి వరుసలోనే మీ పేరూ, వారి ప్రకటన ఎక్కడ చూశారో, ఏమి కావాలో ఉండాలి. మీకు అలా తెలియని నంబరు నుంచి వస్తే పలకకండి.

ఇక ఇంటి నుంచి వచ్చే ‘హలో’. తెల్లవారుజామున కడప నుంచి నాన్న పంపిన ఒక్క మాట చూసి, తరువాత ఏమీ లేక, ఇక్కడ గుండె దడతో ఫోను చేసే పిల్లలు ఎందరో ఉన్నారు. పెద్దలకు ఇక్కడి వేళ గుర్తుండదు, తెలుగులో టైపు చేయడం వారికి కష్టం, కొడుకు మేలుకుని ఉన్నాడేమో చూద్దామన్నదే వారి ఉద్దేశం. వారిని మార్చుకోమని నేర్పబోతే అసలు పలకరించడమే మానుకుంటారు. దానికి బదులు టైపు చేయకుండా మైకు గుర్తు నొక్కి మాట్లాడమని, ఆ మాటల్లో మొదటిది "అంతా బాగుండాం" అయ్యేట్టు చూడమని అడగండి. నిజంగా అవసరమైతే మెసేజ్ పెట్టకుండా రాత్రయినా సరే నేరుగా ఫోను చేయమని కూడా వారితో ముందే అనుకుని ఉంచుకోండి. అలా అనుకున్నాక, రాత్రిపూట మెసేజ్‌ల మోతను ఆపి, అమ్మానాన్నల ఫోను మాత్రం మోగేలా పెట్టుకోవచ్చు.