12 జట్ల వాలీబాల్ టోర్నీ: పూల్స్ ఎన్ని పెట్టాలి, క్వార్టర్స్ జోడీలు ఎలా కలపాలి?

ప్రశ్న: సంక్రాంతికి మా ఊళ్లో లీగ్ కమ్ నాకౌట్ పద్ధతిలో వాలీబాల్ పెడుతున్నాం. 12 జట్లు, ఒకటే కోర్టు, రెండు రోజులు, లైట్లు ఉన్నాయి. పోయినేడు 4 పూల్స్ పెట్టి క్వార్టర్స్‌ని క్రాస్ చేశాం. అయినా ఒకే పూల్‌లో ఆడిన రెండు జట్లు సెమీస్‌లో మళ్లీ తగిలి గొడవైంది. ఈసారి 3 పూల్స్ పెడదామని కొందరు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు:

4 పూల్సే ఉంచండి. తప్పు పూల్స్‌లో లేదు, సెమీస్ గీతలో ఉంది.

మండల స్థాయి టోర్నీలకు చాలాకాలంగా చార్టులు వేస్తున్నాను. మీరు చెప్పిన గొడవ నేను చూసిన ప్రతిచోటా కారణం ఒకటే. బోర్డు మీద క్వార్టర్స్ ఇలా వరసగా రాస్తారు: ఎ1-బి2, బి1-ఎ2, సి1-డి2, డి1-సి2. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత, రాసిన వరసలోనే మొదటి రెండు మ్యాచ్‌ల విజేతలకు ఒక సెమీస్, చివరి రెండింటి విజేతలకు ఇంకో సెమీస్ అని గీత గీసేస్తారు. ఇప్పుడు మొదటి సెమీస్‌లోకి ఎవరొస్తారో చూడండి. ఒక పక్క నుంచి ఎ1 లేదా బి2, ఇంకో పక్క నుంచి బి1 లేదా ఎ2. ఎ1, ఎ2 రెండూ గెలిస్తే నిన్న పొద్దున ఆడిన మ్యాచే ఇవాళ మళ్లీ. క్వార్టర్స్‌ని క్రాస్ చేశారు గానీ నాలుగు జట్లనూ ఒకే సగంలో ఉంచేశారు. మీ పోయినేటి చార్టు తీసి చూడండి, ఇలాగే ఉండి ఉంటుంది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ఒక పూల్ నుంచి వచ్చిన రెండు జట్లు చార్టులో చెరో సగంలో ఉండాలి. అప్పుడు ఆ రెండూ ఫైనల్లో తప్ప కలవవు. చార్టు ఇలా వేయండి:

పై సగం: ఎ1-బి2, సి1-డి2 (ఈ రెండింటి విజేతలకు మొదటి సెమీస్)
కింది సగం: బి1-ఎ2, డి1-సి2 (ఈ రెండింటి విజేతలకు రెండో సెమీస్)

పై సగంలో నాలుగు పూల్స్ నుంచి ఒక్కో జట్టే ఉంది, కింది సగంలోనూ అంతే. మీ చార్టు సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇదే పరీక్ష: ఒక సగంలో ఏ అక్షరమైనా రెండుసార్లు కనిపిస్తే చార్టు తప్పు.

ఇది ఊరి కమిటీలకు మాత్రమే ఎదురయ్యే సమస్య కాదు. 2002 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో బ్రెజిల్, టర్కీ రెండూ గ్రూప్ సి. మొదటి మ్యాచే వాళ్లిద్దరి మధ్య జరిగింది, బ్రెజిల్ 2-1తో గెలిచింది. మళ్లీ సెమీఫైనల్లో అవే జట్లు, బ్రెజిల్ 1-0. ఆ ఏడు ఎ, సి, ఎఫ్, హెచ్ గ్రూపుల జట్లన్నీ నాకౌట్‌లో ఒకే సగంలో పడ్డాయి, ఆ సగం మ్యాచ్‌లు ఫైనల్ దాకా జపాన్‌లోనే జరిగాయి. మిగతా సగం కొరియాలో. రెండు దేశాల మధ్య టోర్నీని అలా పంచుకున్నాక గ్రూపు జట్లు చెరో సగంలోకి వెళ్లే వీల్లేకుండా పోయింది. వాళ్లకు విమానాల లెక్క ఉంది. మీ ఊళ్లో ఒకటే కోర్టు కాబట్టి అలాంటి ఇబ్బంది లేదు.

ఇక 3 పూల్స్ సంగతి. పూల్‌కి 4 జట్లు, ప్రతి జట్టుకూ కనీసం 3 మ్యాచ్‌లు. దూరం నుంచి బండి కట్టుకుని వచ్చిన జట్టుకు అది సంతోషమే, ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ క్వార్టర్స్‌కి 8 జట్లు కావాలి, మూడు పూల్స్ నుంచి మొదటి రెండు స్థానాలు తీసుకుంటే 6 మాత్రమే వస్తాయి. మిగతా రెంటికీ మూడో స్థానంలో ఉన్నవాళ్లలో మెరుగైన ఇద్దర్ని తీసుకోవాలి. అంటే కొన్ని పూల్స్ నుంచి మూడేసి జట్లు నాకౌట్‌కి వస్తాయి. చార్టుకి ఉన్నవి రెండు సగాలే. మూడు జట్లను రెండు సగాల్లో పెడితే ఎక్కడో ఒకచోట రెండు కలిసి ఉండాల్సిందే. మీరు ఎంత తెలివిగా గీసినా క్వార్టర్స్ వరకే కాపాడగలరు, సెమీస్‌లో పాత జోడీ తగిలే అవకాశం పోదు. పైగా ముగ్గురు పూల్ విజేతల్లో ఇద్దరికే మూడో స్థానం జట్లు దొరుకుతాయి, మూడో విజేత రెండో స్థానం వాళ్లతో ఆడాలి. "పూల్ గెలిచింది ఇందుకా" అని ఆ కెప్టెన్ అడిగితే చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉండదు. 2026 వరల్డ్ కప్‌లో 12 గ్రూపుల నుంచి 8 మూడో స్థానం జట్లను తీసుకునే పద్ధతికి, ఏ ఎనిమిది గ్రూపుల జట్లు వస్తే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పడానికి 495 వరసల పట్టిక కావాలి. మనకెందుకు ఆ తలనొప్పి.

మ్యాచ్‌ల లెక్క కూడా చూసుకోండి. 4 పూల్స్ అయితే లీగ్‌లో 12, నాకౌట్‌లో 7, మొత్తం 19. 3 పూల్స్ అయితే లీగ్‌లోనే 18, మొత్తం 25. బెస్ట్ ఆఫ్ త్రీ మ్యాచ్ వార్మప్‌తో కలిపి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఒకటే కోర్టు మీద 25 అంటే రెండో రోజు ఫైనల్‌కి రాత్రి బాగా పొద్దుపోవచ్చు, చూసేవాళ్లు తగ్గిపోతారు.

3 పూల్సే కావాలని కమిటీ పట్టుబడితే ఇంకో దారి ఉంది. క్వార్టర్స్ తీసేసి ముగ్గురు పూల్ విజేతలను, రెండో స్థానాల్లో మెరుగైన ఒక్క జట్టును సెమీస్‌కి పంపండి. మొత్తం 21 మ్యాచ్‌లే. ఆ రెండో స్థానం జట్టు ఎ1తో ఆడుతుందని, అది ఎ పూల్ జట్టే అయితే బి1తో ఆడుతుందని ముందే రాసి పెట్టండి. పాత జోడీ ఫైనల్లో తప్ప తగలదు. ఇది నాకూ నచ్చే పద్ధతే. కానీ 12 జట్లలో 8 జట్లు లీగ్‌లోనే ఇంటికి పోతాయి, రెండో రోజు జనం తగ్గుతారు.

ఇప్పుడు 3 జట్ల పూల్‌లో ఉన్న చిక్కు చెప్పాలి, దాన్ని పట్టించుకోకపోతే మీ 4 పూల్స్ కూడా గొడవకే దారి తీస్తాయి. ఒక రోజు మూడు మ్యాచ్‌లు, ప్రతిసారీ ఒక జట్టు ఖాళీ. మొదటి మ్యాచ్‌లో రాజులపాలెం జట్టు కొత్తపేటను ఓడించిందనుకోండి (పేర్లు ఊరికే అంటున్నా), మూడో జట్టు చెరువుకట్ట. రెండో మ్యాచ్ ఎవరితో పెట్టాలి? చాలామంది ఓడిన జట్టుకే వెంటనే పెడతారు. ఒక్క జట్టే ముందుకు పోయే పూల్‌లో అది మంచిదే. మీ పూల్‌లో ఇద్దరు పోతారు. కొత్తపేట రెండోది కూడా ఓడితే కథ అయిపోయింది, మూడో మ్యాచ్‌కి ముందే మిగతా రెండూ క్వార్టర్స్‌లో ఉన్నాయి. ఇక వాళ్లిద్దరూ ఒకటో స్థానమా రెండో స్థానమా అన్నదానికే ఆడాలి. ఎదుటి పూల్‌లో ఏ జట్టు ఏ స్థానంలో ఉందో చూసుకుని, ఓడటమే మేలనుకుని సర్వీసులు నెట్‌కి కొడితే ఆపేవాళ్లుండరు.

అందుకని గెలిచిన జట్టుకే రెండో మ్యాచ్ పెట్టండి. రాజులపాలెం చెరువుకట్టను కూడా ఓడిస్తే పూల్‌లో మొదటి స్థానం దానిదే, దానికి పని అయిపోయింది. మూడో మ్యాచ్ కొత్తపేట-చెరువుకట్ట, గెలిచినవాడికే క్వార్టర్స్. చెరువుకట్ట గెలిస్తే కూడా మూడో మ్యాచ్‌లో కొత్తపేట చావో రేవో తేల్చుకోవాలి. వరసగా రెండు మ్యాచ్‌లు ఆడిన జట్టుకి మధ్యలో వేరే పూల్ మ్యాచ్ ఒకటి పెట్టి విశ్రాంతి ఇవ్వండి, లేకపోతే ఆ కెప్టెన్ మీ మీదికి వస్తాడు.

అయినా ఒక కన్నం మిగిలిపోతుంది. మూడు జట్లూ ఒక్కోటి గెలిస్తే సెట్ల నిష్పత్తి, అదీ సమానమైతే పాయింట్ల నిష్పత్తి చూస్తాం. మూడో మ్యాచ్ ఆడే ఇద్దరికీ ఎంత తేడాతో గెలిస్తే ఇద్దరమూ బయటపడతామో ముందే తెలుసు, ఖాళీగా కూర్చున్న జట్టు చూస్తూ ఉండాల్సిందే. 2026 వరల్డ్ కప్‌ని మూడేసి జట్ల గ్రూపులతో పెడదామని ఫిఫా మొదట అనుకుని, 2023 మార్చిలో నాలుగేసి జట్ల 12 గ్రూపులకు మారింది. ఇలాంటి లోపాయికారీ ఒప్పందాల భయం ఆ చర్చలో మొదటి నుంచీ ఉంది. మీ పోటీల్లో దాన్ని పూర్తిగా ఆపలేరు. నిష్పత్తి నియమాలు రాసిన కాగితం కెప్టెన్ల చేత సంతకం చేయించుకోవడం, ఆ మ్యాచ్‌కి మీ దగ్గరున్న గట్టి రిఫరీని వేయడం తప్ప దారి లేదు.

చార్టు ముందే తెలియడం వల్ల ఇంకో తంటా కూడా ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో నాలుగు జోడీలు నాకౌట్‌లో తమకు కావలసిన స్థానం కోసం గ్రూపు మ్యాచ్‌లను కావాలనే ఓడబోయాయి, నాలుగింటినీ బహిష్కరించారు. తర్వాత రెండో స్థానం జోడీలను గ్రూపు దశ అయ్యాక మళ్లీ డ్రా తీసి కలపడం మొదలుపెట్టారు. మీరూ అది చేయొచ్చు, పాత జోడీల రక్షణ చెడకుండానే. ఎ1, సి1 పై సగంలో, బి1, డి1 కింది సగంలో ఖాయంగా ఉంచండి. లీగ్ అయ్యాక రెండు చీటీల మీద బి2, డి2 రాసి, ఎ1కి ఏది, సి1కి ఏది అని తీయండి. అలాగే ఎ2, సి2 చీటీలు బి1, డి1లకు. ఏ చీటీ ఎలా వచ్చినా ఒక సగంలో ఒక అక్షరం ఒకసారే ఉంటుంది. ఏ సగంలోకి పోతామో జట్లకు తెలిసిపోతుంది గానీ క్వార్టర్స్‌లో ఎవరు తగులుతారో తెలియదు. చీటీలు మాత్రం అందరు కెప్టెన్ల ముందు, మైకులో చెప్పి, చిన్న పిల్లాడి చేత తీయించండి.

చివరి నిమిషంలో ఒక జట్టు రాకపోతే? డ్రా తీయకముందే తెలిస్తే 3, 3, 3, 2గా పెట్టకండి, ఆ ఇద్దరు ఏమీ చేయకుండానే క్వార్టర్స్‌కి వెళ్తారు. 4, 4, 3గా మూడు పూల్స్ చేసి పైన చెప్పిన సెమీస్ పద్ధతికి మారండి. అప్పుడు రెండో స్థానాలను పోల్చేటప్పుడు, 4 జట్ల పూల్స్‌లో చివరి స్థానం జట్టుతో ఆడిన మ్యాచ్‌ని లెక్కలోంచి తీసేయండి, లేకపోతే 3 జట్ల పూల్‌కి అన్యాయం జరుగుతుంది. డ్రా అయ్యాక తెలిస్తే ఆ పూల్‌లో మిగతా ఇద్దరికీ వాకోవర్ ఇచ్చి, వాళ్లిద్దరి మ్యాచ్‌తో ఒకటి, రెండు స్థానాలు తేల్చేయండి.