పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చే ముందు మీ వాటాలు గజాల్లో లెక్కేసుకోండి

ప్రశ్న: మలక్‌పేటలో 400 గజాల్లో మా తాతగారు 1962లో కట్టుకున్న ఇల్లు ఉంది. నాన్నమ్మ ముందే పోయింది, నాన్న ఒక్కరే సంతానం, అందుకని 1984లో తాతగారు పోయాక ఇల్లు నాన్నకు వచ్చింది. నాన్న 2011లో, రెండో అన్నయ్య 2016లో, అమ్మ 2019లో చనిపోయారు. ఎవరూ వీలునామా రాయలేదు. ఇప్పుడు పెద్దన్నయ్య, నేను, అమెరికాలో చెల్లెలు, రెండో వదిన, వాళ్ల పిల్లలు (అమ్మాయికి 20, అబ్బాయికి 14) ఉన్నాం. బిల్డర్ ఎనిమిది ఫ్లాట్లు కట్టి నాలుగు మాకిస్తానంటున్నాడు, వాటాకి పది లక్షలు అడ్వాన్స్. వచ్చే వారమే రిజిస్ట్రేషన్ అంటున్నాడు, చెల్లెలు తర్వాత సంతకం పెట్టినా పర్లేదట. చేసేయమంటారా?

జవాబు: వచ్చే వారం మాత్రం వద్దండి. బిల్డర్ మంచివాడా కాదా అన్నది తర్వాత సంగతి. నాలుగు ఫ్లాట్లు, నలుగురు తోబుట్టువులు, తలా ఒకటి అని మీరంతా అనుకుంటున్నారు కదా, చట్టం ప్రకారం మీ వాటాలు అలా లేవు.

తాతగారు సొంతంగా సంపాదించిన ఇల్లు, ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక పోయారు. అలాంటప్పుడు అది మీ నాన్నకు సొంత ఆస్తిగానే వచ్చినట్టు, కొడుకులకు పుట్టుకతో హక్కేమీ ఉండదు. ఇది 1986లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి లెక్క నాన్న పోయిన రోజు నుంచి మొదలవుతుంది. 2011లో అమ్మకి, మీ నలుగురికి తలా 80 గజాలు. 2016లో రెండో అన్నయ్య పోయినప్పుడు ఆయన 80 గజాలు వదినకి, ఇద్దరు పిల్లలకే కాదు, అప్పటికి బతికున్న అమ్మకి కూడా వెళ్లాయి, తలా 20. అంటే అమ్మ వాటా 100 గజాలైంది. 2019లో అమ్మ పోయాక ఆ వంద నాలుగు భాగాలై, మీ ముగ్గురికి తలా 25, అన్నయ్య భాగం 25 ఆయన పిల్లలిద్దరికీ చెరిసగం వచ్చాయి. అత్తగారి ఆస్తిలో, చనిపోయిన కొడుకు పిల్లలకి హక్కుంది కానీ కోడలికి లేదు, అందుకే ఇక్కడ వదినకేమీ రాలేదు.

చివరికి తేలేది ఇది: పెద్దన్నయ్యకి, మీకు, చెల్లెలికి 105 గజాల చొప్పున. వదినకి 20, పిల్లలకి తలా ముప్పై రెండున్నర, వాళ్ల ముగ్గురికీ కలిపి 85. అందరూ సమానంగా ఉండాలంటే మీరు ముగ్గురూ తలా ఐదు గజాలు వాళ్లకి వదులుకోవాలి, రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాసి. నా మాట అడిగితే వదులుకోమనే అంటాను, తండ్రి లేని పిల్లలు వాళ్లు. కానీ వదిలేది తెలిసి, కాగితం మీద వదలండి. ఇప్పుడు మాట్లాడకుండా ఉంటే ఇల్లు పూర్తయ్యాక ఎవరో ఒక లాయర్ ఈ లెక్క బయటికి తీస్తాడు, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

ఇక సంతకాలు. వదిన తన తరఫున, అబ్బాయి తరఫున పెట్టేస్తే చాలని బిల్డర్ చెప్పే ఉంటాడు. చాలదు. మైనర్‌కి విడిగా వచ్చిన స్థిరాస్తిని కన్నతల్లి అయినా సరే, కోర్టు ముందస్తు అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు. అనుమతి లేకుండా చేస్తే, అబ్బాయికి 18 నిండాక మూడేళ్లలోపు దాన్ని రద్దు చేయమని కేసు వేయొచ్చు, అంటే ఇంకో ఏడేళ్ల దాకా ఆ ఎనిమిది ఫ్లాట్ల టైటిల్ మీద అనుమానం ఉన్నట్టే, హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు లాయర్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. కోర్టు అర్జీలోనే అబ్బాయి వాటాకి బదులు ఏ ఫ్లాట్‌లో ఎంత వస్తుందో చూపించండి. నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి. అమ్మాయి మేజర్ కాబట్టి తన సంతకం తనే పెట్టాలి.

చెల్లెలు ‘తర్వాత’ అనేది అసలు కుదరదు. ఆమె రాలేకపోతే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో గానీ, నోటరీ చేయించి, దానిమీద అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ అయిన అపోస్టిల్ వేయించి గానీ పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ వేయించాలి. అందులో ‘డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద సంతకం’ వరకే రాయమనండి. ఆమె ఫ్లాట్ అమ్మే అధికారం అందులో పెట్టొద్దు.

బిల్డర్ కాగితం దగ్గరికొస్తే, 400 గజాలంటే దాదాపు 334 చదరపు మీటర్లు, ఫ్లాట్లు ఎనిమిది. స్థలం 500 చదరపు మీటర్లు దాటలేదు, ఫ్లాట్లూ ఎనిమిది దాటలేదు కాబట్టి రియల్ ఎస్టేట్ చట్టం రెరా కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదనే అనుకోండి. అందుకే అగ్రిమెంట్‌లో ప్రతి మాటా చదవాలి. ముఖ్యంగా, బిల్డర్‌కి మీరిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అతని వాటా ఫ్లాట్లకే పరిమితం కావాలి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టడంలో పది శాతం మున్సిపాలిటీకి తాకట్టు పెట్టించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే వదులుతారు. ఆ తాకట్టు బిల్డర్ ఫ్లాట్ మీదే అని రాయించండి, లేదంటే చాలాసార్లు అది ఓనర్ల ఫ్లాట్ల మీద పడుతుంది. బిల్డర్ నాలుగింటిలో ఒకటి, మీ అందరికీ తాళాలు, ఆ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అమ్మకూడదని కూడా రాయండి. గడువు పర్మిషన్ వచ్చిన రోజు నుంచి కాకుండా మీరు ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి లెక్కపెట్టాలి, బిల్డర్ మీకిచ్చే అద్దె కూడా ఆ రోజు నుంచే.

‘యాభై శాతం ఓనర్లకి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి. అలా వదిలేస్తే నాలుగు ఫ్లాట్లలోనూ మీ అందరూ భాగస్తులే, ఎవరూ ఒంటరిగా అమ్ముకోలేరు. ప్లాన్ చేతికి రాగానే ఏ నంబరు ఫ్లాట్, ఏ పార్కింగ్ ఎవరిదో సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో పేర్లతో పెట్టండి. రోడ్డు వైపు ఫ్లాట్ అందరూ అడుగుతారు, చీట్లు వేసుకోండి, వచ్చినవాళ్లు మిగతావాళ్లకి ఎంత ఇవ్వాలో చీటీ తీయక ముందే ఖాయం చేసుకోండి.

పది లక్షలు తిరిగివ్వాలా వద్దా అడిగారా? రిఫండబుల్ అని ఉంటే అది అప్పే, కట్టేదాకా తాళాలివ్వడు. నలుగురిలో ఒకరు ఖర్చుపెట్టేసుకున్నా మిగతా ముగ్గురూ ఆగిపోతారు. నాన్ రిఫండబుల్ అయితే అది మీ ఆదాయ లెక్కలోకి వస్తుంది, ఇక్కడున్నవాళ్లకి బిల్డర్ పది శాతం టీడీఎస్ కోస్తాడు. ఫ్లాట్ల మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను మాత్రం, అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉంటే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదే లెక్కకొస్తుంది. ఆ లోపే చెల్లెలు తన వాటా ఎవరికైనా అమ్మేస్తే ఆమెకి ఈ వెసులుబాటు పోయి ఆ ఏడాదే పన్ను పడుతుంది, అది ఆమెకి ఇప్పుడే చెప్పండి. మీకు వచ్చేది తలా ఒక ఇల్లే కాబట్టి ఇల్లు పోయి ఇల్లు వచ్చిన మినహాయింపు అడగడానికి వీలుంటుంది. లాభం లెక్కకట్టడానికి 2001 ఏప్రిల్ 1 నాటి స్థలం విలువ కాగితం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇప్పుడే తీసిపెట్టుకోండి, ఇంటి ఫొటోలు, కరెంటు బిల్లులు, ఆస్తిపన్ను రసీదులు కూడా. కూల్చేశాక అక్కడ ఇల్లుండేదని చూపించడానికి అవే మిగులుతాయి.