చాట్ మాయమైంది, ₹415 రాలేదు

"కిరాణా డెలివరీ యాప్‌లో తెప్పించిన నూనె క్యాన్ పగిలిపోయి వచ్చింది. చాట్‌లో మాట్లాడిన అమ్మాయి ₹415 వెనక్కి వేస్తామని రాసింది. యాప్ మూసి మళ్ళీ తెరిస్తే ఆ చాట్ కనిపించలేదు. ఎనిమిది రోజులైనా డబ్బు రాలేదు. అడిగితే 'అలాంటి రికార్డు లేదు' అంటున్నారు. ఆ చాట్ కాపీ దొరికే దారి ఉందా?"
— ఒక పాఠకురాలు, హనుమకొండ

దారి ఉంది, కానీ అది చాట్ విండోలో లేదు. ఈ నెలలో ఇదే ఫిర్యాదు చాలామంది రాశారు, అందరూ చేసిన పొరపాటు కూడా ఒకటే: మళ్ళీ మళ్ళీ కొత్త చాట్ తెరిచి పాత చాట్ గురించి అడగడం. కొత్తగా వచ్చిన ఏజెంటుకు చాలాసార్లు మీ పాత సంభాషణ మొత్తం కనిపించదు. ముందు మాట్లాడిన ఏజెంటు చాట్ ముగించేటప్పుడు రాసిన రెండు ముక్కల నోట్ మాత్రమే కనిపిస్తుంది. ఆమె 'కస్టమర్‌కు వివరించాం' అని రాసి ఊరుకుంటే రీఫండ్ మాట ఆ నోట్‌లో ఉండదు. అందుకే 'రికార్డు లేదు' అంటారు. సంభాషణ మాత్రం సాధారణంగా మీ ఫిర్యాదుకు వేసిన టికెట్ నంబరు కింద వాళ్ళ సర్వర్‌లో ఉంటుంది. మీ ఫోన్ ఆ టికెట్ తెరిచి ఉన్నంతసేపే దాన్ని చూపించింది.

ముందు మెయిల్ వెతకండి. కొన్ని యాప్‌లు చాట్ ముగిశాక దాని పాఠాన్నో, కనీసం టికెట్ నంబరునో రిజిస్టర్ చేసిన మెయిల్‌కు పంపుతాయి. అది స్పామ్‌లో పడి ఉండవచ్చు. జీమెయిల్‌లో మామూలుగా వెతికితే స్పామ్, ట్రాష్ ఫలితాల్లోకి రావు. సెర్చ్ పెట్టెలో `in:anywhere` అని టైప్ చేసి, పక్కన ఆర్డర్ నంబరు ఇవ్వండి. స్పామ్‌లోవి 30 రోజులకు వాటంతట అవే పోతాయి కాబట్టి ఈ పని ఇవాళే చెయ్యండి. తర్వాత యాప్‌లో పాత ఆర్డర్లలోకి వెళ్ళి, అదే ఆర్డర్ మీద హెల్ప్ నొక్కి చూడండి. మెయిన్ మెనూలోని హెల్ప్‌లో కనిపించని చాట్ అక్కడ దొరకవచ్చు. యాప్‌ను మాత్రం అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి, డేటా క్లియర్ చెయ్యకండి. కొన్ని యాప్‌లలో పాత చాట్‌కు ఉన్న లింకు ఆ ఫోన్‌లోని ఆ ఇన్‌స్టాల్‌తోనే ముడిపడి ఉంటుంది.

ఇవేవీ ఫలించకపోతే కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన పేరు, సంప్రదించే వివరాలు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో పెట్టి తీరాలి. సాధారణంగా నిబంధనల పేజీలో అడుగున ఉంటాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చాట్ కాపీ ఇచ్చి తీరాలని ఆ నియమాల్లో విడిగా రాసి లేదు. అయినా తేదీతో సహా రాతపూర్వకంగా అడిగిన మెయిల్ తర్వాత మీకు ఆధారమవుతుంది.

మీ మెయిల్‌లో ఆర్డర్ నంబరు, చాట్ జరిగిన తేదీ, సుమారు సమయం, స్క్రీన్ మీద కనిపించిన ఏజెంటు పేరు, ఆమె ₹415 ఇస్తానన్న సంగతి రాయండి. ఆ సంభాషణ పూర్తి పాఠాన్ని ఇదే మెయిల్‌కు పంపమని, ఫిర్యాదు తేలేదాకా తొలగించవద్దని అడగండి. ఇంకొక్కటి కూడా అడగండి: రీఫండ్ వేశామంటే దాని రిఫరెన్స్ నంబరు. యూపీఐ అయితే అది 12 అంకెల నంబరు. ఆ నంబరు ఇస్తే మీ బ్యాంకులో వెతికించుకోవచ్చు. ఇవ్వలేకపోతే డబ్బు అసలు కదల్లేదని అనుమానించాల్సిందే. మీ కేసులో చాట్ కాపీ కంటే ఈ జవాబే ముందు పనికొస్తుంది. మెయిల్ తప్పకుండా యాప్‌లో రిజిస్టర్ చేసిన ఐడీ నుంచే పంపండి. వేరే ఐడీ నుంచి అడిగితే వాళ్ళు ఇవ్వకపోవడమే సరైనది, లేకపోతే మీ ఇంటి అడ్రసు ఉన్న చాట్‌ను ఎవరైనా అడిగి తీసుకోగలరు.

నెల దాటినా కదలిక లేకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చెయ్యండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ళలోపు వెళ్ళవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. చాట్ రికార్డును తెచ్చి చూపించమని కంపెనీని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇక నాకు అన్నిటికంటే టెన్షన్ పుట్టించే విషయం. చాట్ పోయిందనగానే చాలామంది చేసే మొదటి పని, సెర్చ్‌లో యాప్ పేరు కొట్టి పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని వెతకడం. రెండో పని, ఆర్డర్ నంబరుతో సహా స్క్రీన్‌షాట్‌ను సోషల్ మీడియాలో పెట్టి కంపెనీని ట్యాగ్ చెయ్యడం. రెండు చోట్లా మోసగాళ్ళు కాచుకుని ఉంటారు. మీరు పెట్టిన పోస్టులోనే మీ ఆర్డర్ నంబరు, రావాల్సిన మొత్తం ఉంటాయి. అవతలివాడు వాటినే చదివి వినిపిస్తే నిజమైన ఏజెంటే అనిపిస్తుంది. ఆ తర్వాత స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటాడు, లేదా వాట్సాప్‌లో 'రీఫండ్ ఫారం' అని ఒక ఏపీకే ఫైలు పంపుతాడు, లేదా `*21*` తో మొదలయ్యే నంబరు డయల్ చెయ్యమంటాడు. చివరిది చేస్తే మీ కాల్స్ వాడి ఫోన్‌కు మళ్ళుతాయి, ఫోన్ కాల్‌లో చెప్పే ఓటీపీలు కూడా వాడికే వినిపిస్తాయి. ఇప్పటికే డయల్ చేసి ఉంటే `##002#` కొట్టి అన్ని ఫార్వర్డింగులూ రద్దు చెయ్యండి. డబ్బు వచ్చేందుకు యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అడిగాడంటే పోయేది మీ డబ్బే. పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఈ చాట్ విండోలు తయారుచేసేవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం ఉంది. 'దయచేసి వేచి ఉండండి' అంటారు. కస్టమర్ పాలు పొయ్యి మీంచి దించడానికి వెళ్ళి వచ్చేలోపు స్పందన లేదని చాట్ మూసేస్తారు. వెంటనే స్టార్లు ఇమ్మంటారు, ఇచ్చాక అంతా మాయం. బిల్లును ఏళ్ళ తరబడి పాత ఆర్డర్లలో చూపించే యాప్, తన సొంత ఏజెంటు ఇచ్చిన మాటను పది నిమిషాలు కూడా చూపించదు. 'ఈ చాట్‌ను మెయిల్ చెయ్యి' అనే ఒక్క బటన్ పెడితే సరిపోయేదానికి పెద్దవాళ్ళు నకిలీ నంబర్ల వెంట పడాల్సి వస్తోంది. ఈ లోపాన్ని కావాలని చేసినా, పట్టించుకోక వదిలేసినా, నష్టపోయేది ఆ ₹415 మనిషే.

వచ్చేసారికి ఒక్క ఏర్పాటు చేసుకోండి. ఆండ్రాయిడ్ 11, ఆ పైన ఉన్న చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ అని ఉంటుంది, ముందే ఆన్ చేసి ఉంచండి. చాట్ నడుస్తుండగా మీరు వేరే యాప్‌లోకి వెళ్తే ఏజెంటు మెసేజ్‌లు నోటిఫికేషన్లుగా వస్తాయి, అవి అక్కడ 24 గంటలు ఉంటాయి. ఒక క్యాబ్ యాప్‌తో క్యాన్సిలేషన్ ఛార్జీ గొడవలో నాకు మిగిలిన ఆధారం అక్కడ కనిపించిన రెండు వరుసలే. వాటిని స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌కు జతచేస్తే మూడో రోజున డబ్బు వచ్చింది. ఇక చాట్ జరుగుతుండగానే, రేటింగ్ నొక్కకముందే, టికెట్ నంబరు అడిగి తీసుకోండి. ప్రతి ఫిర్యాదుకూ నంబరు ఇవ్వాలని ఆ 2020 నియమాల్లోనే ఉంది.